నొక్కితే ఏమీ తెరుచుకోని శాతం: సిమిలారిటీ, ఏఐ రిపోర్టులు చాలాకాలం వాడాక

విద్యార్థి రాత ఇంకెక్కడి రాతతో కలుస్తోందో చూపేది సిమిలారిటీ రిపోర్టు, అది యంత్రం రాసిందేమో అంచనా వేసేది ఏఐ రిపోర్టు. ఒకే లాగిన్‌లో ఈ రెండు రిపోర్టులూ ఇచ్చే సాఫ్ట్‌వేర్ గురించి ఈ సమీక్ష. పేరు రాయడం లేదు. ఈ రకం వాటిలో అమరిక ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఫైల్ ఎలా ఎక్కించాలో, రిపోర్టు పీడీఎఫ్ ఎక్కడ దించుకోవాలో హైదరాబాద్‌లో ప్రాజెక్టు సబ్మిట్ చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి అది వదిలేస్తున్నాను.

నా గొడవంతా ఒక్కదాని మీదే. సిమిలారిటీ 34%, దాని పక్కనే ఏఐ 41%. అదే సైజు, అదే గుర్తు. చూసే గైడ్‌కి రెండూ ఒకే జాతి అంకెల్లా కనిపిస్తాయి. మొదటి దాన్ని నొక్కితే ఆ వాక్యం ఇంకెక్కడ ఉందో పక్కన తెరుచుకుంటుంది. రెండోదాన్ని ఎంత నొక్కినా వాక్యాలకు రంగు పడుతుందే తప్ప ఇంకేమీ రాదు. దాని వెనక చూపించడానికి ఏ మూలమూ లేదు.

ఒక ఎంబీఏ ప్రాజెక్టునే ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం. ఇంగ్లీషులో 15,000 పదాలు. సిమిలారిటీ 34% వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10% దాకా శిక్ష లేదు. 10 దాటి 40 లోపు అయితే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. అంటే ఈ 34ని ఉన్నదున్నట్టు తీసుకుంటే విద్యార్థి ఇరుక్కున్నట్టే. కానీ అవే నిబంధనలు రిఫరెన్సులను, విషయసూచికను, కృతజ్ఞతలను, మూలం చెప్పి ఉటంకించిన భాగాలను లెక్కలోంచి తీసేయమంటాయి. వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినా పట్టించుకోవద్దంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఈ సెట్టింగులు ఉంటాయి గానీ చాలాచోట్ల ఎవరూ ఆన్ చేయరు.

బిబ్లియోగ్రఫీ తీసేస్తే 34 కాస్తా 22 అయింది. మిగిలిన మూలాల్లో 9% ఒకే చోటునుంచి వచ్చినట్టు చూపిస్తోంది. తెరిచి చూస్తే అది ఈ విద్యార్థిదే, రెండో అధ్యాయం డ్రాఫ్ట్. ముందు ఆ డ్రాఫ్ట్‌ను చెక్ చేసినప్పుడు ‘రిపాజిటరీలో దాచవద్దు’ అన్నది ఎంచుకోకపోవడంతో అది సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో చేరి, తన రాత తనకే మూలమై కూర్చుంది. దాన్ని మినహాయిస్తే 13. చిన్న మ్యాచ్‌ల హద్దు 14 పదాలకు పెట్టగానే ప్రశ్నావళిలోని మామూలు వాక్యాలు, కంపెనీ చిరునామాలు రాలిపోయి 7 అయింది. ఆ 7లో 3% మాత్రం విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైట్‌లోని ఒక థీసిస్‌లోంచి రెండు పేరాలు, మూలం చెప్పకుండా ఎత్తినవి. అసలు తప్పు అదే. 34% అన్నప్పుడు అది గుంపులో కలిసిపోయింది, 7% దగ్గరికి వచ్చేసరికి బయటపడింది. పైగా ప్రతి మెట్టులోనూ విద్యార్థి పక్కన కూర్చుని ‘ఇది నాది, ఇది ఫలానా చోటుది’ అని వేలు పెట్టి చూపగలిగాడు.

ఇప్పుడు ఆ పక్కనున్న 41%. దీన్ని చాలామంది ‘ఏఐతో రాసి ఉండటానికి 41% అవకాశం’ అని చదువుతారు. అది కాదు. ‘వంద వాక్యాల్లో 41 ఏఐ రాసినవి’ అన్న లెక్కకు కొంత దగ్గర, కానీ అదీ మొత్తం ఫైల్ మీద కాదు. ఈ డిటెక్టర్లు సాధారణంగా పేరాలుగా ఉన్న వచనాన్నే చూస్తాయి. పట్టికలు, బుల్లెట్లు, రిఫరెన్సులు లెక్కలోకి రావు. మన ప్రాజెక్టులో అలాంటివి తీసేస్తే 6,000 పదాలే మిగిలాయనుకోండి. అందులో 41% అంటే 2,460 పదాలు, మొత్తం రిపోర్టుతో పోలిస్తే ఆరో వంతు. ఈ లెక్క రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండదు.

రంగు ఎక్కడ పడిందో చూస్తే విషయం ఇంకా తెలుస్తుంది. ఎక్కువగా మూడో అధ్యాయంలో, అంటే మెథడాలజీలో. ‘ది ప్రెజెంట్ స్టడీ ఈజ్ బేస్డ్ ఆన్ బోత్ ప్రైమరీ అండ్ సెకండరీ డేటా’ అన్న వాక్యం లేని ప్రాజెక్టు మన దగ్గర దొరకదు. పాత ప్రాజెక్టులు చూసి, గైడ్ చెప్పినట్టు, అందరూ అదే వరసలో రాస్తారు. డిటెక్టర్ చూసేది సరిగ్గా దీన్నే: తర్వాత వచ్చే పదం ఎంత తేలిగ్గా ఊహకు అందుతోంది, వాక్యాల పొడవు ఎంత ఒకేలా ఉంది, ఇలాంటివి. ఏ పుస్తకంతోనూ పోల్చదు. మనుషుల రాత, యంత్రాల రాత బోలెడంత చూపించి నేర్పిన మోడల్ అది. కొత్త పేరా ఇస్తే రెండింటిలో దేనికి దగ్గరో అంచనా వేసి చెబుతుంది. సిమిలారిటీ వేలిముద్ర కలపడం లాంటిదైతే, ఇది యాస విని మనిషిది ఏ జిల్లానో చెప్పడం లాంటిది. తరచూ కరెక్టే అవుతుంది గానీ కోర్టులో నిలవదు.

తేడా చేత్తో పట్టుకుని చూడాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. రంగు పడిన వాక్యాన్ని, ముందూ వెనకా పేరాలు మార్చి, మళ్లీ చెక్ చేయండి (రిపాజిటరీలో దాచకుండానే). సిమిలారిటీలో పడిన వాక్యం ఎక్కడ పెట్టినా పడుతుంది, మూలం మారదు కాబట్టి. ఏఐ రంగు మాత్రం చాలాసార్లు పోతుంది, లేదా పక్క వాక్యానికి పాకుతుంది. కొన్ని వందల పదాల ముక్కలను ఒకదాని మీద ఒకటి పడేలా తీసుకుని మార్కులు వేసి, ప్రతి వాక్యానికీ సగటు కట్టడం ఇలాంటి డిటెక్టర్లలో ఒక పద్ధతి. పొరుగు మారితే మార్కు మారుతుంది. అందుకే ‘ఈ వాక్యం ఏఐ రాసింది’ అని ఒక్క వాక్యం మీద వేలు పెట్టడం ఈ రిపోర్టుతో కుదిరే పని కాదు.

సిమిలారిటీ మరీ గొప్పదని చెప్పేసినట్టున్నాను, కాస్త వెనక్కి తగ్గాలి. అది చూపే మూలం అసలు మూలమే కానక్కర్లేదు. మొదట రాసినవాడి పుస్తకం ఆ డేటాబేస్‌లో లేకపోతే, దాన్ని ఎత్తి రాసిన బ్లాగును మూలంగా చూపిస్తుంది. వేరే కాలేజీ విద్యార్థి పేపర్‌తో కలిస్తే శాతం కనిపిస్తుంది గానీ ఆ పేపర్ చాలాసార్లు నేరుగా తెరుచుకోదు, ఆ కాలేజీ అనుమతి కావాలి.

సిమిలారిటీని తప్పించుకోవడమూ తేలికే. పాఠాన్ని కొన్ని పదాల కిటికీలుగా, ఒక్కో పదం జరుపుతూ కోసి, ఆ ముక్కలను డేటాబేస్‌లో వెతకడం ఈ పద్ధతికి పునాది. కిటికీ ఐదు పదాలదైతే 20 పదాల వాక్యంలో 16 కిటికీలు వస్తాయి. పదో పదం ఒక్కటి మారిస్తే ఐదు పోయి 11 మిగులుతాయి, అంటే ఇంకా దొరుకుతుంది. 5, 10, 15, 20వ పదాలు మారిస్తే ఒక్క కిటికీ కూడా మిగలదు. నిజమైన సాఫ్ట్‌వేర్లు ఇంతకన్నా తెలివైనవే, ఒకటి రెండు పదాల తేడాను దాటి చూస్తాయి. అయినా ‘ప్లాగ్ తగ్గిస్తాం’, అంటే సిమిలారిటీ శాతం దించుతాం, అని డబ్బు తీసుకునేవాళ్లు చేసేది ముఖ్యంగా ఈ పనే. ఇప్పుడు దాన్ని మాటలు మార్చి తిరగరాసే పారాఫ్రేజింగ్ టూల్‌తో చేస్తున్నారు, దాంతో సిమిలారిటీ 30 నుంచి 6కు దిగుతుంది, ఏఐ శాతం ఎగబాకుతుంది. సిమిలారిటీ మరీ తక్కువ, ఏఐ మరీ ఎక్కువ అన్న జంట కనిపిస్తే నేను మొదట అనుమానించేది ఇదే. ఈ రెండో రిపోర్టు నాకు నిజంగా పనికొచ్చింది ఈ ఒక్క చోటే.

తెలుగు థీసిస్‌ల సంగతి వేరు. అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్ కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. యూనికోడ్‌లో ఉన్న ఏ మూలంతోనూ అది కలవదు, సిమిలారిటీ 0% వస్తుంది, అందరూ సంతోషిస్తారు. పీడీఎఫ్‌లోంచి ఒక లైన్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు పడకపోతే ఆ సున్నాకు అర్థం లేదు. స్కాన్ చేసిన పుస్తకాలదీ అదే కథ. ఇంగ్లీషు పుస్తకంలోంచి అనువదించి తెచ్చుకున్న అధ్యాయాన్ని పట్టడం మామూలు మ్యాచింగ్ వల్ల కాదు, ఆ విషయం తెలిసిన ఎగ్జామినర్ వల్లే అవుతుంది. ఇక ఏఐ డిటెక్టర్‌కు తెలుగు రాకపోతే ఆ గడిలో గీత పెట్టి వదిలేస్తుంది. ఆ గీతను సున్నాగా నోట్ చేసుకున్న ఫైళ్లు నేను చూశాను.

ఏఐ రిపోర్టును నమ్మే విషయంలో నా వెనకడుగుకు బయట కూడా కారణాలున్నాయి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐయే 2023 జనవరిలో ఒక క్లాసిఫయర్ విడుదల చేసింది. వాళ్ల సొంత పరీక్షలోనే అది ఏఐ రాతలో 26% మాత్రమే పట్టింది, మనుషుల రాతలో 9%ని తప్పుగా ముద్ర వేసింది. అదే ఏడాది జులైలో ఖచ్చితత్వం చాలదని తీసేశారు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో ఏఐ డిటెక్టర్‌ను ఆపేస్తూ చెప్పిన లెక్క సూటిగా ఉంది: ఏడాదికి 75,000 పేపర్లు, తప్పు 1% అనుకున్నా 750 పేపర్లకు తప్పుడు ముద్ర. మనకు ఇంకా దగ్గర విషయం స్టాన్‌ఫర్డ్ వాళ్లు అదే ఏడాది చేసిన పరీక్ష. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61% వ్యాసాలను ఏఐవని అన్నాయి. తెలిసిన కొద్ది పదాలతో జాగ్రత్తగా రాసే ఇంగ్లీషు వాటికి యంత్రం రాతలా కనిపించింది. అవి ఆనాటి డిటెక్టర్లు, ఇప్పటివి మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. కానీ మన డిగ్రీ కాలేజీల్లో రాసే ఇంగ్లీషు ఆ 91 వ్యాసాల ఇంగ్లీషుకే దగ్గర.

కాబట్టి 41% వచ్చిందని ఆ ఎంబీఏ విద్యార్థిని పిలిస్తే అడగాల్సింది ‘ఏఐ వాడావా’ అని కాదు. గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే వెర్షన్ హిస్టరీ తెరవమనాలి. మూడో అధ్యాయం నాలుగైదు సిట్టింగుల్లో పెరిగిందా, ఒకేసారి 2,000 పదాలు వచ్చి పడ్డాయా అన్నది అక్కడ కనిపిస్తుంది. బయట టైప్ చేయించుకున్నవాళ్లకు ఈ దారి ఉండదు, అప్పుడు నింపిన ప్రశ్నావళి కాగితాలు, ఎక్సెల్ షీట్ తెమ్మనాలి. శాంపిల్ 120 ఎందుకు తీసుకున్నావని వైవాలో పది నిమిషాలు అడిగితే చాలావరకు తేలిపోతుంది. ఎత్తిన ఆ రెండు పేరాలకు మాత్రం ఇవేవీ అక్కర్లేదు, మూలం రాయమనో తిరగరాయమనో చెప్పి ఫైల్ వెనక్కి ఇస్తే సరి.

మేనేజ్‌మెంట్, కామర్స్ ప్రాజెక్టులు ఎక్కువగా చూసే నాలాంటి వాళ్ల మాట ఇది. విద్యార్థులు తరగతిలోనే కూర్చుని చేత్తో డ్రాఫ్ట్ రాసే చోట ఏఐ రిపోర్టు పక్కన పోల్చడానికి వాళ్ల అసలు రాత ఉంటుంది, అక్కడ దాని విలువ ఇంతకన్నా ఎక్కువే కావచ్చు. కంప్యూటర్ సైన్స్ వాళ్ల కోడ్‌కు ఈ రెండూ సరిపోవు, వాళ్లకు వేరే సాధనాలున్నాయి. సిమిలారిటీ రిపోర్టు కోసం చందా కడుతుంటే, 14 పదాల సెట్టింగూ బిబ్లియోగ్రఫీ సెట్టింగూ ఆన్ చేసుకుని, కొనసాగించవచ్చు. ఏఐ రిపోర్టుకు అదనంగా డబ్బడిగితే మా దగ్గర వచ్చే ప్రాజెక్టులకైతే నేను కట్టను. ఉచితంగా వస్తే చూస్తాను గానీ ఆ అంకెను విద్యార్థి ఫైల్ మీద రాయను.