చిన్న ఆన్‌లైన్ ట్యూషన్‌కి నెల ఫీజా, ఒకేసారి ధరా, కమీషనా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో "పదో తరగతి లెక్కలకి మంచి టీచర్ ఉంటే చెప్పండి, తెలుగులో వివరిస్తే ఇంకా మంచిది" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అలా అడిగేవాళ్లను నమ్ముకుని ఇద్దరు ముగ్గురు టీచర్లతో ఆన్‌లైన్ ట్యూషన్ మొదలుపెట్టినవాళ్లలో మా వదిన ఒకరు. పాఠం చెప్పడంలో ఆవిడకి తిరుగులేదు. డబ్బు ఏ పద్ధతిలో తీసుకోవాలన్న దగ్గరే ఇంట్లో చాలాకాలం చర్చ నడిచింది. నెలనెలా సబ్‌స్క్రిప్షనా, కోర్సు మొత్తానికి ఒకేసారి ధరా, టీచర్లను పరిచయం చేసి కమీషన్ తీసుకోవడమా? ఆవిడ లెక్కనే కొంచెం గుండ్రం చేసి, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొత్తం ముప్పై మంది పిల్లలు, తొమ్మిది, పది తరగతులు, సీబీఎస్ఈ లెక్కలు. బ్యాచ్‌కి ఆరుగురు చొప్పున అయిదు బ్యాచ్‌లు. నెలకి పన్నెండు క్లాసులు, ఒక్కోటి గంట. ఫీజు నెలకి 2,400 రూపాయలు. అందరూ కడితే నెలకి 72,000 వస్తుంది. పేమెంట్ గేట్‌వే రెండు శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే సుమారు 1,700 పోతుంది. రెండు బ్యాచ్‌లు వదినే చెబుతుంది. మిగిలిన మూడింటికి 36 గంటలు, గంటకి 400 చొప్పున టీచర్లకి 14,400. మీటింగ్ యాప్, డిజిటల్ పలక, చిల్లర మల్లర కలిపి 2,000. చేతిలో 53,900 మిగులుతుంది.

ఈ అంకె చూసి మురిసిపోవడానికి లేదు. పదో తరగతి పిల్లలు ఫిబ్రవరితో వెళ్లిపోతారు. మార్చి నుంచి మే దాకా పది మంది మిగిలితే గొప్ప. తొమ్మిది నెలలు 72,000, మూడు నెలలు 24,000 అంటే ఏడాదికి 7,20,000, సగటున నెలకి 60,000. సబ్‌స్క్రిప్షన్‌లో జూలై వసూలు చూసుకుని ఇంటి ఖర్చులు పెంచుకున్నవాళ్లు ఏప్రిల్‌లో టీచర్లకి ఇవ్వడానికి తడుముకుంటారు. జూలై వసూలును పక్కనపెట్టి, ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించిన అంకెనే ఆదాయం అనుకోవాలి.

సబ్‌స్క్రిప్షన్‌లో అసలు తలనొప్పి వసూలు దగ్గరే. యూపీఐ ఆటోపే పెట్టుకుంటే మొదటిసారి మాత్రమే పిన్ కొట్టాలి. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 15,000 లోపు మొత్తాలు మళ్లీ పిన్ అడగకుండానే కట్ అవుతాయి. 2,400కి ఇది బాగా సరిపోతుంది. అయితే డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందే, తల్లిదండ్రుల ఫోన్‌కి సమాచారం వెళుతుంది. వాళ్లు లెక్క వేసుకునేది ఆ మెసేజ్ చూసినప్పుడే. "ఈ నెల మావాడు నాలుగు క్లాసులే కదా హాజరయ్యాడు" అన్న మాట ఆ రోజే వస్తుంది. దసరాకి ఊరెళ్లినా, సంక్రాంతికి వారం రోజులు తిరుపతిలో ఉండిపోయినా ఈ మాట తప్పదు. అందుకే తప్పిన క్లాసుల్లో నెలకి రెండు వేరే బ్యాచ్‌లో కూర్చుని పూర్తి చేసుకోవచ్చనీ, ఆ పైన తప్పినవాటికి ఫీజు తగ్గింపు ఉండదనీ చేరేటప్పుడే రాసి ఇవ్వాలి. మధ్యలో చెబితే బేరంలా ఉంటుంది.

కట్ అయ్యే తేదీ కూడా ఆలోచించి పెట్టాలి. ఐటీ జీతాలు చాలావరకు నెలాఖరుకే పడతాయి. అయిదో తారీఖు వచ్చేసరికి ఇంటి లోన్, కారు లోన్ కట్ అయిపోయి ఉంటాయి. రెండో తారీఖు పెట్టుకుంటే ఖాతాలో డబ్బు లేక పేమెంట్ ఫెయిల్ కావడం బాగా తగ్గుతుంది. కొందరికి తమ ప్రమేయం లేకుండా డబ్బు వెళ్లిపోవడమే నచ్చదు. వాళ్లని ఒప్పించే ప్రయత్నం దండగ. మూడు నెలలకి 6,900 అని చెప్పి ఒకేసారి కట్టించుకోవడం మేలు. ఆ డబ్బులో ఇంకా చెప్పని క్లాసుల భాగం మనది కాదని మాత్రం గుర్తుండాలి. పిల్లవాడు మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వాల్సింది దానిలోంచే.

పిల్లవాడు మానేయబోతున్నాడని ముందే తెలుస్తుంది. ఆటోపే రద్దయ్యేది చివర్లో. దానికి రెండు మూడు వారాల ముందే హోంవర్క్ ఫోటోలు రావడం ఆగిపోతుంది, కెమెరా ఆఫ్‌లో ఉంటుంది, పిలిస్తే "నెట్ స్లోగా ఉంది మేడమ్" అంటాడు. వరసగా మూడు హోంవర్క్‌లు రాకపోతే వదిన ఆ రోజే తల్లికి ఫోన్ చేస్తుంది. ఎక్కువసార్లు కారణం ఒకటే, ఏదో అధ్యాయంలో వెనకబడిపోయి క్లాసులో కూర్చోబుద్ధి కావడం లేదు. ఒక గంట విడిగా చెబితే మళ్లీ దారిలో పడతాడు. ఆ గంటకి అయ్యే ఖర్చు 400, నిలిచే ఫీజు ఏడాది చివరిదాకా.

ఇక ఒకేసారి అమ్మకం. పదో తరగతి లెక్కల పుస్తకంలో పద్నాలుగు అధ్యాయాలు. అన్నీ రికార్డు చేసి 2,999కి అమ్మితే ఒకసారి కష్టపడి ఎన్నాళ్లైనా తినొచ్చనిపిస్తుంది. పైన చెప్పిన 7,20,000 రావాలంటే ఏడాదికి 240 మంది కొనాలి. ట్యూషన్‌కి ముప్పై మంది నోటిమాటతో వస్తారు, 240 మంది రారు. ప్రకటనలు ఇవ్వాల్సిందే. ఒక్కో కొనుగోలుకి ప్రకటనల ఖర్చు 1,000 అనుకున్నా 2,40,000 అక్కడే పోతుంది. సబ్‌స్క్రిప్షన్‌లో ఏడాది మొత్తం టీచర్లకి ఇచ్చేది 1,30,000 లోపే. అంటే టీచర్ జీతం మిగిల్చుకుని, అంతకు దాదాపు రెట్టింపు ప్రకటనలకి పోసినట్టు. పైగా వచ్చే జూన్‌లో మళ్లీ సున్నా నుంచే మొదలు, ఈ ఏడాది కొన్నవాళ్లు పదకొండుకి వెళ్లిపోతారు కాబట్టి.

"లైఫ్‌టైమ్ యాక్సెస్" అని రాస్తే ఇంకో చిక్కు. డబ్బు ఒకసారే వస్తుంది, సందేహాలు మాత్రం వస్తూనే ఉంటాయి. రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో త్రికోణమితి లెక్క ఫోటో పెట్టి "మేడమ్, ప్లీజ్" అంటే కాదనలేం. అవన్నీ ధరలో కలపని గంటలు. కాబట్టి గడువు పరీక్ష తేదీతో ముగియాలి, సందేహాల క్లాసులు ఎన్నో ముందే చెప్పాలి. ఒకే లాగిన్ నలుగురు వాడుకోవడం కూడా ఉంటుంది. ఒకే ఖాతా ఒకే సాయంత్రం బెంగళూరులోనూ అనంతపురంలోనూ నడుస్తుంటే సంగతి అర్థమైపోతుంది. దాని వెంట పడి టెన్షన్ పడేకన్నా, లైవ్ సందేహాల క్లాసుకి పేరున్న పిల్లవాణ్ణి మాత్రమే రానివ్వడం సులువు.

అయినా ఒకేసారి ధరకి సరైన చోటు ఒకటుంది. 2026 నుంచి సీబీఎస్ఈ పదో తరగతికి బోర్డు పరీక్షలు రెండుసార్లు పెడుతోంది. మొదటిది ఫిబ్రవరిలో, అందరూ రాయాల్సిందే. రెండోది మేలో, మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్లకి. లెక్కల్లో తక్కువొచ్చిన పిల్లవాడికి మే పరీక్షకి ముందు కొద్ది వారాలే ఉంటాయి. వాడికి నెలనెలా సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు, తల్లిదండ్రులకీ మొత్తం ఎంతో ఒక మాటలో తెలియాలి. ఇరవై లైవ్ క్లాసులు, అయిదు మాదిరి పరీక్షలు, 4,500 రూపాయలు, మే పరీక్ష రోజుతో సరి. వేసవిలో సబ్‌స్క్రిప్షన్ వసూలు పడిపోయే నెలలు కూడా ఇవే కావడం మన అదృష్టం.

కమీషన్ పద్ధతి దూరం నుంచి చూస్తే అన్నిటికన్నా హాయిగా కనిపిస్తుంది. పిల్లవాడికి టీచర్‌ని కుదర్చడం వరకే మన పని. విడిగా ఒక్కరికే చెప్పే క్లాసు గంటకి 500, నెలకి ఎనిమిది గంటలు, ఫీజు 4,000. ఇరవై శాతం కమీషన్ అంటే మనకి 800. ముప్పై మందికి నెలకి 24,000, పాఠం చెప్పకుండానే. సబ్‌స్క్రిప్షన్‌లో మిగిలే 53,900లో వదిన స్వయంగా చెప్పే 24 గంటల విలువ 9,600 తీసేసినా 44,300 ఉంటుంది. ఆదాయం సగం కావచ్చు, శ్రమ అంతకన్నా తక్కువ కదా అనుకోవచ్చు.

కానీ ఆ 24,000 కాగితం మీదే నిలుస్తుంది. మూడో క్లాసుకల్లా టీచర్ నంబర్ తల్లి దగ్గర, తల్లి నంబర్ టీచర్ దగ్గర ఉంటాయి. గంటకి 450 నేరుగా ఇస్తే ఇద్దరికీ లాభమే. ఎవరినీ తప్పు పట్టలేం, నెలనెలా 800 ఎందుకిస్తున్నామో వాళ్లకి కనపడదు. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. తల్లిదండ్రులు "ట్యూషన్ ఆపేశాం" అని చెప్పాక, అదే టీచర్ మంగళ, గురువారాల ఆరు గంటల సమయం ఖాళీ అయిందని మనకి చెప్పాలి, చెప్పదు. కొత్త పిల్లవాణ్ణి ఆ సమయానికే పంపుతామంటే "అప్పుడు కుదరదండీ" అంటుంది. అలా రెండుసార్లు జరిగితే ఆ టీచర్‌కి ఇంకెవరినీ పంపకపోవడమే మనం చేయగలిగింది. ఒప్పందాలు, జరిమానాలు రాసుకున్నా 800 కోసం ఎవరూ కోర్టుకెక్కరు.

హోం ట్యూషన్ బ్యూరోలు చాలావరకు మొదటి నెల ఫీజులో సగం తీసుకుని తప్పుకోవడానికి కారణం ఇదే. 4,000లో సగం 2,000, అంటే రెండున్నర నెలల కమీషన్ ముందే చేతికొచ్చినట్టు. ఆ తర్వాత వాళ్లు నేరుగా మాట్లాడుకున్నా మనకి నష్టం లేదు. కమీషన్ బాటే పట్టాలనుకుంటే నా ఓటు దీనికే.

పన్ను సంగతి కూడా ఇక్కడే తేడాగా ఉంటుంది. మన పేరు మీద మనమే ట్యూషన్ అమ్ముతూ, మొత్తం వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ నమోదు అక్కర్లేదు. వదిన 7,20,000 ఆ గీతకి చాలా కింద ఉంది. కమీషన్ పద్ధతిలో తల్లిదండ్రుల డబ్బు మన ఖాతాలోకి వచ్చి, మన వాటా పోను టీచర్‌కి వెళితే మాత్రం మనల్ని ఈ-కామర్స్ ఆపరేటర్‌గా చూసే వీలుంది. అప్పుడు 20 లక్షల వెసులుబాటు వర్తించకపోవచ్చు. వెబ్‌సైట్ కట్టించే ముందే ఆడిటర్‌ని కలవాల్సిన విషయమిది. తల్లిదండ్రులు టీచర్‌కే నేరుగా కట్టి, టీచర్ మనకి పరిచయ రుసుము ఇచ్చేలా పెట్టుకుంటే చిక్కు చాలావరకు తగ్గుతుంది.

మరి ఏది మేలు? అయిదారుగురు టీచర్ల లోపు ఉన్నంతకాలం జూన్ నుంచి ఫిబ్రవరి దాకా చిన్న బ్యాచ్‌లు, నెల ఫీజు. మార్చి నుంచి మే దాకా ఒకేసారి ధరకి పరీక్ష ప్యాక్. వదిన ఇప్పుడు చేస్తున్నది ఇదే. కమీషన్‌ని మనం చెప్పని సబ్జెక్టులకి ఉంచుకోవచ్చు. లెక్కలకి వచ్చిన తల్లి "హిందీకి ఎవరైనా ఉన్నారా" అని అడిగితే తెలిసిన టీచర్‌ని చూపించి, మొదటి నెలలో సగం తీసుకుని, ఆ తర్వాత లెక్కల క్లాసు చూసుకోవాలి.