నాటోకైనేజా, క్వెర్సెటినా? బాబాయి పంపిన రెండు రీల్స్

"ఒరేయ్, ఈ నాటోకైనేజ్ వేసుకుంటే గుండెలో బ్లాకులు కరిగిపోతాయట. ఇది తెప్పించనా, క్వెర్సెటిన్ తెప్పించనా?" అని బాబాయి రెండు రీల్స్ పంపాడు. ఆయనకు స్టెంట్ వేశారు, రోజూ రక్తం పలుచన చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటాడు.

నాటోకైనేజ్ అనేది జపాన్‌వాళ్లు తినే నాటో, అంటే పులియబెట్టిన సోయాగింజల నుంచి తీసే ఎంజైమ్. ల్యాబ్‌లో రక్తపు గడ్డను కరిగిస్తుంది, అది నిజమే. కానీ బాబాయి బ్లాకు రక్తపు గడ్డ కాదు, రక్తనాళం గోడలో పేరుకున్న కొవ్వు. రీల్‌లో ఈ రెండూ ఒకటైపోయాయి.

రీల్‌లో చూపించిన అధ్యయనం పేరు వైద్య పరిశోధనల జాబితా అయిన పబ్‌మెడ్‌లో కొట్టి చూశాను. చైనాలో 1,062 మంది మీద జరిగింది, 2022లో అచ్చయింది. ఎఫ్‌యూ అంటే ఈ ఎంజైమ్ బలాన్ని కొలిచే యూనిట్. రోజుకు 10,800 ఎఫ్‌యూ తీసుకున్నవాళ్లకు మేలు కనబడిందన్నారు, 3,600 ఎఫ్‌యూకి మాత్రం కనబడలేదు. పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపు లేదు. బాబాయి చూపించిన సీసాలో ఒక్కో క్యాప్సూల్ 2,000 ఎఫ్‌యూ. ఆ లెక్కకు రోజుకు ఐదారు మింగాలి, 60 క్యాప్సూల్స్ పదకొండు రోజుల్లో అయిపోతాయి! రీల్‌లో మాట్లాడినాయన చెప్పింది రోజుకొకటి.

ఆ 2,000 ఎఫ్‌యూ మోతాదునే అమెరికాలో 265 మంది మీద, ఉత్తుత్తి మాత్రతో పోలుస్తూ, మూడేళ్ల పాటు పరీక్షించారు. 2021లో ఫలితం వచ్చింది: మెడ రక్తనాళం గోడ మందం పెరగడంలో తేడా ఏమీ లేదు. ఈ అధ్యయనం ఏ రీల్‌లోనూ కనిపించదు. పైగా ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్లు దీన్ని కలిపితే రక్తస్రావం భయం ఉంది. బాబాయికి ఇది వద్దే వద్దు.

మొక్కల్లో దొరికే క్వెర్సెటిన్ సంగతి కొంచెం నయం. 2016లో ఏడు పరీక్షల్ని కలిపి చూస్తే పై బీపీ సుమారు 3 పాయింట్లు తగ్గింది, అదీ రోజుకు 500 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటేనే. ఉల్లిపాయల్లో ఉంటుంది కదా అంటారు, కానీ అంత రావాలంటే కిలోకు పైగానే తినాలి. మూడు పాయింట్ల కోసం అంత ఖర్చు నేనైతే పెట్టను. పెట్టాలనుకుంటే బీపీ మాత్రల చీటీ, రక్తం పలుచన చేసే మందుల పేర్లు డాక్టర్‌కి చూపించాకే.

"సీసా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందిగా?" అన్నాడు బాబాయి. ఆ 14 అంకెలు ఆహార భద్రతా సంస్థ నుంచి తయారీదారుకు లైసెన్స్ ఉందని చెబుతాయి, పని చేస్తుందని కాదు. అదే సీసాను తిప్పి చూడమన్నాను. వెనక చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది: ఇది మందుగా వాడటానికి కాదు, అని.

"మరి ముందువైపు గుండె బొమ్మ ఎందుకేశారు?" అన్నాడు.