ఏడాదికి సరిపడా సాంబారు పొడి: జీలకర్ర, మిరియాలు కలపకుండా దాచిన పద్ధతి

నెలకు సరిపడే చిన్న సీసా కొలతల్ని పన్నెండుతో గుణించి అన్నీ ఒకేసారి మర పట్టించేయడం కంటే, జీలకర్రనీ మిరియాలనీ పక్కన పెట్టి మిగతావి మాత్రమే ఆడించడం ఎంతో మేలు. చాలాకాలంగా ఇలాగే వాడుతున్నాను. ఏడాది చివర్లో కూడా మూత తీయగానే వాసన వస్తోందంటే అది ముఖ్యంగా ఈ మార్పు వల్లే. జీలకర్ర, మిరియాల్లోని సువాసన పొడి కొట్టాక త్వరగా తగ్గిపోతుంది, గింజగా ఉన్నప్పుడు లోపలే భద్రంగా ఉంటుంది.

నెలకు 200 గ్రాముల సీసా లెక్క ఇది: ధనియాలు 100, తొడిమలు తీసిన ఎండుమిర్చి 50, శనగపప్పు 25, జీలకర్ర 10, మెంతులు, మిరియాలు, పసుపు ఒక్కోటి 5 గ్రాములు. ఏడాదికి 2,400 గ్రాములు. అందులో జీలకర్ర 120, మిరియాలు 60 పక్కన పెడితే మరకు వెళ్లేది 2,220. నెలనెలా ఈ పొడి 185 గ్రాములు తీసుకుని, 10 గ్రాముల జీలకర్ర, 5 గ్రాముల మిరియాలు వెచ్చబెట్టి, చల్లార్చి, పొడి చేసి కలపాలి. ఇంగువ కూడా అప్పుడే. పదిహేను గ్రాములు మిక్సీ బ్లేడుకి అందవు కాబట్టి ఆ 185 గ్రాముల్లోంచే రెండు చెంచాల పొడి తోడు వేస్తే మెత్తగా నలుగుతాయి. ఏడాది దినుసులు కొలవడానికి మాత్రం చెంచాలు పనికిరావు. తలకొట్టు చెంచాకీ గోపురం చెంచాకీ ఉన్న తేడా కూడా పన్నెండు రెట్లవుతుంది.

వేయించడంలో భయపడాల్సింది మెంతులకే. 60 గ్రాముల మెంతులు బరువైన మూకుట్లో ఉంటే పొయ్యి ఆపేశాక కూడా వేగుతూనే ఉంటాయి. రంగు తిరగడం మొదలవగానే వెడల్పాటి పళ్లెంలోకి దింపేయాలి. చల్లారాక ఒక గింజ కొరికి చూడండి. మెంతి చేదు ఎలాగూ ఉంటుంది, కానీ మాడిన చేదు నాలుక మీద పట్టుకుని వదలదు. అలా అనిపిస్తే ఆ 60 గ్రాములు పారేయండి, మిగతా రెండు కిలోలు దక్కుతాయి. ధనియాలు వేలెడు మందం మించకుండా వాయిలుగా వేయించాలి. రెండో వాయికి మూకుడు కాలి ఉంటుంది కాబట్టి మంట తగ్గించాలి. మిర్చిని నూనెలో వేయించొద్దు, ఏడాది నిలవలో ఆ నూనె కంపు కొడుతుంది. విరిస్తే పటుక్కుమనేదాకా ఎండబెడితే చాలు.

ఇక అసలు చిక్కు మర దగ్గర మొదలవుతుంది. అన్నీ బాగా కలిపి ఇవ్వకపోతే ముందు పప్పు, చివర్లో మిర్చి పడి, ఒక డబ్బా చప్పగా, ఇంకోటి మంటగా తయారవుతుంది. ఆడించాక కూడా మొత్తం ఒకసారి కలియబెట్టాలి. అంతకంటే పెద్ద సమస్య వేడి. మిక్సీలో కొట్టిన 200 గ్రాములు కాసేపట్లో చల్లారిపోతాయి. రెండు కిలోల పొడి స్టీలు డబ్బాలో పైకి చల్లగా తగిలినా నడిమధ్యలో గంటల తరబడి వేడిగానే ఉంటుంది. ఆ స్థితిలో మూత పెడితే లోపలి చెమ్మ ఆవిరై మూతకి పట్టి, చుక్కలుగా మళ్లీ పొడి మీదే పడుతుంది. ముందు పైపొర ఉండలు కడుతుంది, తర్వాత ముక్కవాసన. అప్పుడు ఎండబెట్టినా ఆ వాసన పోదు. అందుకే పొడి బట్ట మీద పలుచగా, నీడలో పరచాలి. ఎండలో మిర్చి రంగు వెలిసిపోతుంది. చల్లారిందో లేదో తేల్చుకోవడానికి గాజు సీసాలో కొంచెం పోసి మూత బిగించి గంట ఆగండి. మూత లోపల మసక కమ్మితే ఇంకా ఆరాలి.

ఏడాదంతా అదే రుచి అని మాత్రం అనలేను. ఆరేడు నెలలు దాటాక ధనియాల పరిమళం సన్నగిల్లుతుంది. అప్పటినుంచి జీలకర్రతో పాటు 10 గ్రాముల ధనియాలు కొత్తగా వేయించి కలుపుతున్నాను. అలా చూస్తే ఇది పూర్తి ఏడాది పొడి కాదేమో.

నెలకు ఒక సీసా ఖర్చయ్యే ఇంటికి, రెండు రోజులు గట్టి ఎండ దొరికే చోట ఈ లెక్క బాగుంది. ఇద్దరే ఉంటే ఆరునెలలకు చేసుకోవడం నయం. గాలిలో చెమ్మ ఎక్కువైన చోట ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ బయటికి తీశాక సీసా మామూలు వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు. ఎక్కడైనా సరే ఒకే పెద్ద డబ్బా వద్దు. చిన్న సీసాల్లో నిండుగా పోసి, ఒకటి అయ్యాకే మరొకటి తెరవాలి.