పర్లాకిమిడిలో రెండేళ్లు వాడాక: ఫోను డేటాలో తెలుగు, ఇంటి వైఫైలో ఒడియా

ఈ హోల్‌సేల్ సైటులో ధరలు, సరుకు నాణ్యత, డెలివరీ సమయం గురించి మిగతావాళ్లు చాలానే రాశారు. వాటి మీద నాకు పేచీ లేదు. నా గొడవంతా ఒక్కదాని మీదే. నేను ఏ భాష చదవగలనో ఈ సైటు నన్ను అడగదు, తానే తేల్చేస్తుంది.

మాది పర్లాకిమిడిలో కిరాణా దుకాణం. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. నేను చదువుకున్నది అక్కడే, తెలుగు మీడియంలో. ఒడియా గడగడా మాట్లాడతాను కానీ, రాసింది చదవాలంటే కూడబలుక్కోవాలి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో ఒరిస్సా ప్రావిన్స్ ఏర్పడినప్పుడు అందులో కలిసింది. ఆ గీత ఒకసారి గీశారు, అయిపోయింది. ఈ సైటు మాత్రం నేను తెరిచిన ప్రతిసారీ కొత్తగా గీస్తుంది.

వాడటం మొదలుపెట్టిన ఆరు నెలలకు ఇదే సైటుకు అయిదు నక్షత్రాలు ఇచ్చాను. అడగకుండానే తెలుగులో తెరుచుకుందని, మన మనసు తెలుసుకున్న సైటని పొగిడాను కూడా. ఆ పొగడ్త ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. అప్పట్లో నేను ఫోను డేటా తప్ప వేరేది వాడలేదు. నా సిమ్ము పాతపట్నంలో తీసుకున్నది. పైన మూలన ‘డెలివరీ: హైదరాబాద్’ అని కనబడితే నవ్వుకుని, 761తో మొదలయ్యే మా పిన్‌కోడు కొట్టేవాణ్ణి. అసలు సంగతి ఆ మూలనే ఉందని అప్పుడు తట్టలేదు.

తర్వాత ఇంట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. ఆ రోజు నుంచి సైటు నిండా పైన గొడుగు పట్టినట్టుండే ఒడియా అక్షరాలే. ముందు పెద్దగా పట్టించుకోలేదు. బొమ్మలున్నాయి, అంకెలున్నాయి, ఎలాగో నెట్టుకొచ్చాను. సంక్రాంతి ముందు వారం మాత్రం దెబ్బ తగిలింది. అచ్చు బెల్లం ఇరవై కిలోలు, నువ్వులు అయిదు కిలోలు ఆర్డరు పెట్టాను. డబ్బు కట్టబోతుంటే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో రెండు లైన్లు, కింద ఒక ఆకుపచ్చ బటను, ఒక తెల్ల బటను. దుకాణంలో నలుగురు నిలబడి ఉన్నారు. కూడబలుక్కునే తీరిక లేదు. ఆకుపచ్చ అంటే ‘సరే’ అని నొక్కేశాను. అచ్చు బెల్లం లేదు, బదులుగా పొడి బెల్లం పంపమంటారా అన్నది ఆ ప్రశ్న. మూడో రోజున ఇరవై కిలోల పొడి బెల్లం గుమ్మంలో దిగింది. అరిసెల పాకానికి మా దగ్గర అచ్చు బెల్లమే అడుగుతారు. ఆ పొడిని ఉగాది దాకా అమ్ముకున్నాను.

ఆ రాత్రి మా అబ్బాయి, నేను కూర్చుని ఈ చిక్కు విప్పాం. ఫోను భాష తెలుగే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో భాషల వరుసలోనూ తెలుగే పైన ఉంది, కింద ఇంగ్లీషు. అలా పెట్టుకున్న బ్రౌజర్, తెరిచిన ప్రతి సైటుకూ దాదాపు ఇలాంటి చీటీ ఒకటి పంపుతుందని వాడు చూపించాడు:

```
Accept-Language: te-IN,te;q=0.9,en-US;q=0.8,en;q=0.7
```

ముందు తెలుగు, అది లేకపోతేనే ఇంగ్లీషు అని దాని అర్థం. పక్కనున్న అంకె ఎంత పెద్దదైతే ఆ భాష అంత ఇష్టమన్నమాట. ఒడియా ఊసే అందులో లేదు. చీటీ సరిగా వెళ్తోందా లేదా అని అనుమానం వచ్చి, అదే వైఫై మీద www.wikipedia.org తెరిచాం. భూగోళం చుట్టూ ఉండే భాషల్లో తెలుగు పైకి వచ్చి కూర్చుంది. అంటే బ్రౌజర్ తన పని తాను చేస్తోంది, చీటీ చదవనిది మా సైటే.

తర్వాత వాడు వైఫై ఆపి, ఫోను డేటా పెట్టి, ప్రైవేట్ విండోలో సైటు తెరిచాడు. తెలుగు. ఆ విండో మూసి, వైఫై పెట్టి మళ్లీ తెరిచాడు. ఒడియా. అదే బల్ల, అదే ఫోను. ఐపీ అడ్రసు ఏ ఊరిదో చూపించే పేజీలో వైఫైకి భువనేశ్వర్ అని, సిమ్ముకు హైదరాబాద్ అని వచ్చింది. ఫోను డేటా మన వీధి టవరు దగ్గరే ఇంటర్నెట్‌లో కలవదు. కంపెనీకి ఎక్కడ పెద్ద కేంద్రం ఉంటే అక్కడిదాకా వెళ్లి కలుస్తుంది, బయటివాళ్లకు ఆ ఊరి చిరునామాయే కనబడుతుంది. ఐపీ అడ్రసులకు ఊర్లు రాసిపెట్టిన పట్టికను చూసి సైటు భాష నిర్ణయిస్తోంది.

“నాన్నా, నువ్వు అయిదు నక్షత్రాలు ఇచ్చింది సైటుకు కాదు, నీ సిమ్ముకు” అన్నాడు వాడు. నాకు కోపం వచ్చింది గానీ, మాట నిజమే. అప్పుడూ అది తప్పు ఊరే లెక్కపెట్టింది. ఆ తప్పు నాకు కలిసొచ్చింది, అంతే.

భాష మార్చే చోటు లేదా అంటే ఉంది. పేజీ అట్టడుగున, చిన్న భూగోళం బొమ్మ వెనక. నొక్కితే పదకొండు భాషల పేర్లు వస్తాయి, పదకొండూ ఒడియా లిపిలోనే! తెలుగు చదవాలనుకునేవాడికి ‘తెలుగు’ అన్న మాట తెలుగులో రాసి ఉండాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మా అబ్బాయికి ఒడియా వచ్చు కాబట్టి ఎనిమిదోది తెలుగని చెప్పాడు. ఆ ఎంపికను సైటు కుకీలో దాచుకుంటుంది. ఫోనులో చోటు చాలక నెలకోసారి బ్రౌజర్ డేటా తుడిచేస్తాను, దాంతో కుకీ కూడా పోతుంది, మళ్లీ భువనేశ్వర్. పేజీ చిరునామాలో `/or/` ఉన్నచోట `/te/` అని దిద్దితే తెలుగు వస్తుందని కనిపెట్టి బుక్‌మార్క్ చేసుకున్నాను. అది కూడా లాగిన్ అయ్యేదాకానే, అయ్యాక మళ్లీ `/or/`కే లాక్కుపోయేది.

వాళ్ల సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ఒకావిడ ఒడియాలో ఎంతో మర్యాదగా “ఆజ్ఞా” అంటూ మాట్లాడి, పిన్‌కోడును ఆంధ్రకు మార్చుకోమన్నారు. 532తో మొదలయ్యే పాతపట్నం పిన్‌కోడు పెడితే సరుకు పాతపట్నం వెళ్తుంది కదమ్మా అన్నాను. నవ్వారు. మనిషి ఎక్కడున్నాడు, సరుకు ఎక్కడికి వెళ్లాలి, అతను ఏం చదవగలడు అన్నవి మూడు వేరు వేరు సంగతులు. ఈ సైటు మూడింటినీ ఒకే గోనెలో కుట్టేసింది.

కిందటి ఏడాది చివర్లో ఖాతా వివరాల్లోనే భాష ఎంచుకునే వీలు పెట్టారు. అప్పటి నుంచి లాగిన్ అయితే వైఫైలోనూ తెలుగే, డేటా తుడిచినా మళ్లీ లాగిన్ కాగానే తెలుగే. లాగిన్ కాకముందు మాత్రం పాత కథే. బెల్లం సంగతి తెచ్చిన ఆ చిన్న పెట్టె కూడా ఇప్పుడు తెలుగులో వస్తోంది, మొన్న కందిపప్పు విషయంలో చూశాను.

అందుకే మూడు నక్షత్రాలు. మా ఎదురు దుకాణం ఆయన ఒడియా మీడియంలో చదువుకున్నాడు, ఆయన అయిదు ఇస్తాడు, ఇవ్వాలి కూడా. ఒక్క ఫోను డేటాతోనే నడిపేవాళ్లకు సిమ్ము ఎక్కడిదైతే అక్కడి భాష వస్తుందేమో, కొనేముందు ప్రైవేట్ విండోలో తెరిచి చూసుకోండి. నాకు బిల్లులు, మెసేజీలు ఇప్పటికీ ఒడియాలోనే వస్తున్నాయి. అవి మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు చదివిపెడతాడు.