టీమ్ చార్టర్: ‘అందరూ ఒప్పుకుంటేనే’ అని రాయాలా, ‘ఎవరూ కాదనకపోతే’ అని రాయాలా?

కొత్త టీమ్‌కు చార్టర్ రాయడానికి కూర్చుంటే, మెసేజ్‌కు ఎంతలోగా జవాబివ్వాలి, మీటింగ్‌కు రాలేకపోతే ఎవరికి చెప్పాలి లాంటివి అరగంటలో తేలిపోతాయి. పేచీ అంతా నిర్ణయాల దగ్గరే. చాలామంది అక్కడ ‘అందరితో చర్చించి నిర్ణయిస్తాం’ అని రాసి ఊరుకుంటారు. చర్చ ఎప్పుడు ముగిసినట్టో, చివరి మాట ఎవరిదో అందులో ఎక్కడా ఉండదు.

మా ఏడుగురి టీమ్ మొదట ‘అందరూ సరే అన్నాకే అమలు’ అని రాసుకుంది. సెలవు రోజుల్లో వచ్చే ఫోన్లకు వంతులు వేయాల్సి వచ్చింది. ఐదుగురు ఆ రోజే సరే అన్నారు. ఒకరు సెలవులో ఉన్నారు, ఇంకొకరు ‘ఆలోచించి చెప్తా’ అన్నారు. మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ ఫోన్లన్నీ ఒక్కరే ఎత్తారు, అదీ అలవాటు కొద్దీ. ఒక్కరు తేల్చకపోయినా పాత పద్ధతే గెలుస్తుందని అప్పుడు తెలిసింది.

దాంతో ‘ఎవరూ కాదనకపోతే అమలు’ అని మార్చాం. అదీ మొదట్లో బెడిసికొట్టింది. శుక్రవారం సాయంత్రం ఎవరో కబుర్ల మధ్య ఒక ప్రతిపాదన పడేసి, సోమవారం పొద్దున ‘ఎవరూ ఏమీ అనలేదుగా’ అన్నారు. సగం మంది దాన్ని చూడనేలేదు. చివరికి నిలబడిన నియమం ఇది:

‘ప్రతిపాదనలు నిర్ణయాల చానెల్‌లోనే పెట్టాలి. గడువు రెండు పూర్తి పనిదినాలు. సెలవులో ఉన్నవారికి తిరిగొచ్చాక ఒక పనిదినం. నచ్చలేదంటే చాలదు, దీనివల్ల ఏ పని చెడుతుందో చెప్పాలి. అప్పుడు ప్రతిపాదించినవారు, కాదన్నవారు ఇద్దరూ కూర్చుని మార్చాలి. అయినా తేలకపోతే లీడ్ మాటే ఫైనల్.’

‘ఏ పని చెడుతుంది’ అన్న ప్రశ్నే అసలు పని చేసింది. ఆలోచించి చెప్తానన్న మనిషి రెండో రోజే రాశారు: ‘రాత్రి వంతు చేసిన మర్నాడు తొమ్మిదింటి మీటింగ్‌కు రాలేను.’ వంతు చేసినవారికి మర్నాడు ఆ మీటింగ్ తీసేశాం, పట్టిక అమల్లోకి వచ్చింది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ పద్ధతీ దీనికి దగ్గరగానే ఉంటుంది. అందరూ ఒప్పుకోనక్కర్లేదు గానీ, ప్రతి అభ్యంతరాన్నీ పట్టించుకుని జవాబు వెతకాలని 2014లో వచ్చిన వాళ్ల పత్రం RFC 7282 చెబుతుంది.

అందుకే రోజువారీ పనులకు నా ఓటు రెండో దానికే. అలాగని అన్నిటికీ కాదు. ప్రవర్తన నియమాలకు, వెనక్కి తీసుకోలేని నిర్ణయాలకు మాత్రం ప్రతి ఒక్కరూ నోరు తెరిచి సరే అనాల్సిందే. అరుపులు, వెటకారం కూడదన్న నియమానికి మౌనాన్నే అంగీకారంగా లెక్కేస్తే, ఎవరు భయపడి ఊరుకున్నారో ఎప్పటికీ తెలియదు.

మౌనం ఇంకోచోట కూడా మోసం చేస్తుంది. రెండు నెలలపాటు మా చానెల్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు, కానీ మీటింగ్ అవగానే ఇద్దరిద్దరు పక్కకెళ్లి గుసగుసలు. చూస్తే, ప్రతి ప్రతిపాదన కింద మొదటి ‘సరే’ లీడ్‌దే. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు ముందు రాస్తారు, లీడ్ ఆఖర్న రాస్తారు.