రోడ్డు తవ్వకంతో బేరం పోతే: నిర్లక్ష్యం దావా మేలా, న్యూసెన్స్ దావా మేలా?

"సార్, డ్రైనేజీ పైపు కోసమని మా కొట్టు ముందు తవ్వి రెండు నెలలైంది. కాంట్రాక్టర్ మీద నెగ్లిజెన్స్ కేసు వేద్దామా?" ఈ వానాకాలంలో ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క లేదు. కిరాణా వాళ్లు అడిగారు, టైలర్ అడిగాడు, ఫ్యాన్సీ షాపు నడిపే ఒకావిడ అడిగారు. ఎవరి గోడా బీటలివ్వలేదు, ఎవరి సరుకూ పాడవలేదు. మనుషులు కొట్టుదాకా రాలేకపోయారు, అంతే. ఇలా ఒంటికీ ఆస్తికీ దెబ్బ తగలకుండా డబ్బు మాత్రమే పోతే వకీళ్లు దాన్ని ప్యూర్ ఎకనమిక్ లాస్ అంటారు.

అందరికీ ముందు తోచేది నిర్లక్ష్యం దావానే. దాని ఇబ్బంది ఏమిటో 1972 నాటి ఇంగ్లండ్ తీర్పు ఒకటి బాగా చూపిస్తుంది. స్పార్టన్ స్టీల్ అనే ఫ్యాక్టరీకి దగ్గర్లో రోడ్డు తవ్వుతున్న కాంట్రాక్టర్ మనుషులు కరెంటు కేబుల్ తెంపేశారు. పద్నాలుగున్నర గంటలు కరెంటు లేదు. కొలిమిలో అప్పటికే కరుగుతున్న లోహం విలువ 368 పౌండ్లు పడిపోయింది. కోర్టు అది ఇమ్మంది, దాని మీద రావాల్సిన 400 పౌండ్ల లాభమూ ఇమ్మంది. కరెంటు ఉంటే ఆ సమయంలో ఇంకో నాలుగు విడతలు కరిగించేవాళ్లు. ఆ 1,767 పౌండ్ల లాభం మాత్రం ఇవ్వలేదు. మన భాషలో చెప్పాలంటే, జేసీబీ కేబుల్ తెంపినందువల్ల మీ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం కరిగిపోతే దాని డబ్బు అడగొచ్చు. చీకట్లో కొట్టు మూసుకుని పోగొట్టుకున్న బేరం అడగలేరు. ఒక్క కేబుల్ తెగితే ఊరంతా నష్టపోతుంది, అందరికీ ఒక్కడే కట్టాలంటే అంతుండదు అన్నది కోర్టు భయం.

మన కోర్టులకు ఆ తీర్పు శిరోధార్యమేమీ కాదు. కానీ ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం అడిగే టార్ట్ దావాల మీద మనకు రాసిపెట్టిన చట్టం లేదు కాబట్టి వాదన మొదలయ్యేది ఇలాంటి తీర్పులతోనే. అవతలి వకీలు మొదటి వాయిదాలోనే దీన్ని బల్ల మీద పెడతాడు. అందుకే జేసీబీ మీ మెట్లు విరగ్గొట్టినా, మీ నీళ్ల పైపు పగలగొట్టినా నిర్లక్ష్యం దావా సరైనదే. బేరం మాత్రమే పోయినవాళ్లు అక్కడికి పోవడం గోడకు తల కొట్టుకోవడమే అని నా అభిప్రాయం.

రెండో దారి పబ్లిక్ న్యూసెన్స్. రోడ్డు అందరిదీ కాబట్టి దాన్ని అడ్డుకుంటే ఇబ్బంది అందరిదీ. అందులో అందరికంటే వేరుగా మీకు ప్రత్యేక నష్టం జరిగిందని చూపితే మీ పేరు మీద మీరే దావా వేయొచ్చు. దారి మూసుకుపోయి కొనేవాళ్లు రాకపోవడం అలాంటి నష్టమే. బేరం పోయిందన్న మాట నిర్లక్ష్యం దావాలో మెడకు చుట్టుకుంటుంది, ఇక్కడ అదే దావాకు ఆధారమవుతుంది. 1835లో లండన్‌లో ఒక పుస్తకాల కొట్టాయన ఇలాగే గెలిచాడు. హంగర్‌ఫర్డ్ మార్కెట్ కంపెనీ దారి మూసింది. మూయడానికి దానికి అనుమతి ఉంది, కానీ కావాల్సిన దానికంటే ఎక్కువ కాలం మూసి ఉంచింది. 1867లో రైల్వే పనుల వల్ల బేరం పోయిన ఒక పబ్బు యజమాని కేసులో పెద్ద కోర్టు ఆ పాత తీర్పును అనుమానించింది నిజమే. అయితే అది తప్పు లేకుండా జరిగిన పనికి రైల్వే చట్టం కింద పరిహారం అడిగిన కేసు. 1880లో బిల్డర్ బండ్లు సందుకు అడ్డం నిలిచి నష్టపోయిన పాత వస్తువుల వ్యాపారికి మళ్లీ పరిహారం ఇచ్చారు.

నా దృష్టిలో కేసును తేల్చేది ఈ "ఎక్కువ కాలం" అన్న మాటే. మున్సిపాలిటీ పైపు వేయాలంటే తవ్వక తప్పదు, ఆ మేరకు ఇబ్బంది ఓర్చుకోవాల్సిందే. కెనడాలోని వాంకూవర్‌లో రైలు మార్గం కోసం రోడ్డు తవ్వితే, గర్భిణుల దుస్తులు అమ్మే ఒకావిడకు కింది కోర్టు 2009లో ఆరు లక్షల డాలర్లు ఇప్పించింది. చట్టం అనుమతించిన పనికి ఆ ఇబ్బంది అనివార్యమేనంటూ పై కోర్టు 2011లో అది కొట్టేసింది. కాబట్టి తవ్వారని కాదు, తవ్వి వదిలేశారని నిరూపించాలి. మున్సిపల్ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి వర్క్ ఆర్డర్, రోడ్ కటింగ్ అనుమతి, గడువు పొడిగింపు ఉత్తర్వులు, మెజర్‌మెంట్ బుక్ నకళ్లు తీసుకోండి. మెజర్‌మెంట్ బుక్ అంటే జరిగిన పనిని కొలిచి రాసే పుస్తకం, ఎప్పటికి ఎంత పని అయిందో అందులో బయటపడుతుంది. మీరు రోజూ ఒకే చోటు నుంచి తీసిన ఫొటోలు దానికి జత చేయాలి.

నష్టం లెక్క ఎలా కట్టాలో ఒక కిరాణా కొట్టు అనుకుని చూద్దాం. మామూలుగా రోజు అమ్మకం 20,000 రూపాయలు, గుంత పడ్డాక 9,000. గుంత 75 రోజులు ఉంది, వర్క్ ఆర్డర్ గడువు 30 రోజులు. యజమాని రోజుకు 11,000 చొప్పున 75 రోజులకు 8,25,000 అడగమంటాడు. అది నిలవదు. పోయింది అమ్మకం కాదు, దాని మీద లాభం. కిరాణాలో నూటికి 12 మిగులుతుందనుకుంటే రోజుకు 1,320. పని లేక కుర్రాడిని మానిపించాడు కాబట్టి అతని కూలి 450 ఆదా అయింది, అది తీసేస్తే 870. గడువులోని 30 రోజులు వదిలేసి మిగిలిన 45 రోజులకు 39,150 రూపాయలు. చిన్నదే, కానీ జడ్జి ముందు ప్రతి రూపాయికీ జవాబు ఉంటుంది. ఇందుకు నిరుటి ఇవే నెలల యూపీఐ స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు కావాలి. పోయిన నెలతో పోల్చకండి, వానాకాలంలో బేరం ఎలాగూ తగ్గిందంటారు. లెక్కలు తక్కువ చూపించిన వాళ్లకు ఇక్కడ చిక్కే. రిటర్నులో ఒకటి, దావాలో ఇంకోటి రాస్తే అవతలివాళ్లు వదలరు.

ముప్పై తొమ్మిది వేల కోసం కోర్టుకెక్కాలా అంటారు. వీధిలో పదిమంది కొట్లవాళ్లు కలిసి ఒకే దావా వేయొచ్చు, ఎవరి లెక్క వారిది. దాంతోపాటు గుంత పూడ్చమని కోర్టు ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్ అడగాలి, చాలాసార్లు అసలు పని చేసేది అదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద అయితే ప్రత్యేక నష్టం లేని ఇద్దరు కూడా కోర్టు అనుమతితో ఇంజంక్షన్ అడగొచ్చు. అందులో డబ్బు రాదు.

మిగతా దారులు క్లుప్తంగా. హైకోర్టులో రిట్ వేస్తే పని త్వరగా పూర్తి చేయమని చెప్పించవచ్చు, బేరం లెక్కలు మాత్రం అక్కడ తేల్చరు. ఆర్డీవో దగ్గర కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్ కింద వేసే పిటిషన్ అడ్డు తొలగించడానికే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకండి, ఆ కాంట్రాక్టర్‌కు మీరు వినియోగదారులు కారు.

ఒక చిన్న హెచ్చరిక. టార్ట్ దావాకు మూడేళ్లుందని ఊరుకునేవాళ్లున్నారు. చట్టం కింద చేసిన పని అని అవతలివాళ్లు చెబితే లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ వర్తిస్తుందంటారు, దాని ప్రకారం గడువు ఏడాదే. ప్రభుత్వాన్ని కూడా ప్రతివాదిగా చేర్చాలనుకుంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. గుంత తవ్విన తేదీ నుంచే రోజులు లెక్కపెట్టుకుని రండి.