రోజు రేటా, నెల రేటా? నగదా, అరువా? చిన్న హోటల్‌కి ఏది మేలు?

రోజుకు పదిహేను కిలోల చికెన్ వాడే భోజన హోటల్‌నే తీసుకుందాం. సప్లయర్ వచ్చి "నెలంతా ఒకే రేటు ఇస్తా, మీకు టెన్షన్ ఉండదు" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, నా మాట అడిగితే చికెన్‌కి, కూరగాయలకి రోజు రేటే మేలు.

ఎందుకంటే మార్కెట్ పెరిగినప్పుడు నెల రేటు నిలబడదు. 2023 జులైలో మదనపల్లె యార్డులోనే కిలో టమాటా 200 రూపాయల దాకా పోయింది. అలాంటప్పుడు పాత రేటుకి ఒప్పుకున్నవాడు బండి ఆలస్యం చేస్తాడు, లేదా పైన మంచి కాయ పేర్చి కింద మెత్తబడ్డది వేస్తాడు. అందుకే ట్రే దించగానే ఇంకో ట్రేలోకి బోర్లించి చూడాలి.

చికెన్‌లో బేరం ఆడాల్సింది రేటు మీద కాదు, లైవ్ రేటు మీద వాడు వేసుకునే మార్జిన్ మీద. స్కిన్‌లెస్ చేస్తే కోడి బరువులో సుమారు 65 శాతం చేతికొస్తుంది, అంటే లైవ్ 120 ఉంటే మాంసం కిలో దాదాపు 185 పడుతుంది. దాని మీద కటింగ్, రవాణా, లాభం కలిపి కిలోకి ఇంత అని ఒకసారి తేల్చుకుంటే, రోజూ వాదించే పని ఉండదు. తూకం మాత్రం మీ కాటా మీదే, అదీ నీళ్లు పూర్తిగా ఓడ్చాక. ఐస్ నీళ్లలో నానిన మాంసం బరువెక్కుతుంది, ఆ నీళ్లకి కూడా మీరే డబ్బు కడతారు.

ఇక అరువు. పదిహేను రోజులకోసారి కట్టేలా ఇస్తూ కిలోకి 8 రూపాయలు ఎక్కువ వేశాడనుకోండి. చిన్న మొత్తమే అనిపిస్తుంది, కానీ నెలకు 450 కిలోలకి అది 3,600. బాకీ రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది కాబట్టి కిలో 185 లెక్కన మీ దగ్గర సగటున ఉండే వాడి డబ్బు సుమారు 21 వేలే, అంటే నూటికి నెలకు 17 రూపాయల వడ్డీ! బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నగదు కట్టినా నయమే. అదే 8 రూపాయలు వేయకుండా వారం అరువిస్తే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి, నాసిరకం వచ్చిన రోజు బిల్లులో కోసుకునే వీలు కూడా ఉంటుంది.

పాలకి నెల రేటే సరి, ధర రోజూ మారదు కదా. అక్కడ పట్టుబట్టాల్సింది వెన్న శాతం మీద. లాక్టోమీటర్ ఒక్కటీ నమ్మొద్దు, వెన్న తీసి నీళ్లు కలిపితే రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది. ఫ్యాట్ టెస్ట్ చేయించండి.

టైమ్ గురించి ఒక షరతు ముందే రాయించుకోండి: ఎనిమిదిలోపు చికెన్ రాకపోతే పక్క షాపులో కొంటాం, తేడా డబ్బు మీ బిల్లులో తీసేస్తాం అని. దీనికి ఒప్పుకోనివాడు రేటు రెండు రూపాయలు తగ్గించినా నేనైతే తీసుకోను.